చెవి వెనక పాయ

ఎయిర్‌పోర్ట్‌లో గుర్తుపట్టడానికి ఒక ఫోటో పంపవే అని పెద్దమ్మ మెసేజ్ పెట్టేసరికి లాస్యకి గుండె జారిపోయింది, ఎందుకంటే రెండు నెలల కిందటే జుట్టంతా మెరూన్ వేయించుకుంది, పెద్దమ్మేమో తనని చూసి తొమ్మిదేళ్లు, ఆవిడకి గుర్తున్నది నల్లటి రెండు జడల పిల్ల.

రాత్రంతా ఫోన్‌లో కూర్చుని ఎడిట్ చేసింది. ముందు మొత్తం నలుపు పోస్తే విగ్గు పెట్టినట్టు ఉంది, మెరుపు అంతా పోయింది. అప్పుడు జుట్టు వరకే సెలెక్ట్ చేసి, సాచురేషన్ తగ్గించి, నుదుటి దగ్గర ఎగిరే వెంట్రుకలకి బ్రష్ సైజు బాగా చిన్నది చేసుకుని ఒక్కొక్కటీ దిద్దింది. పంపేసింది. పంపాక నిద్ర పట్టలేదు పాపం, అబద్ధం చెప్పినట్టే అనిపించింది.

దిగి బయటికొస్తే ఎవరూ కనపడలేదు. జడల పెద్దమ్మ కోసం వెతుకుతుంటే పొట్టి తెల్ల జుట్టు ఆవిడ ఒకామె చెయ్యి ఊపుతోంది. ప్రొఫైల్ ఫోటోలో నల్లగా ఉన్న జుట్టు!

"పెద్దమ్మా, నీ జుట్టు..."

"రంగేయడం మానేసి మూడేళ్లయిందే, ఫోటో మార్చడానికే మనసు రాలేదు."

లాస్యకి కళ్లలో నీళ్లు తిరిగాయి. "నేను కూడా..."

"తెలుసులే," అని పెద్దమ్మ ఫోన్ తీసి ఆ ఫోటోని పెద్దది చేసి చూపించింది. "చెవి వెనక ఈ పాయ మర్చిపోయావు. నాకు ఆ రంగే నచ్చింది."