జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రద్దు దస్తావేజు, బ్యాంకుకు, ఇతరులకు నోటీసులు

రద్దు దస్తావేజు

2024వ సంవత్సరం నవంబరు నెల 11వ తేదీన విశాఖపట్నం నగరం, ఎంవీపీ కాలనీ, సెక్టార్ 6లో కాపురం ఉంటున్న కీర్తిశేషులు ముద్దాడ అప్పలరాజు గారి భార్య, 71 సంవత్సరాల వయసు గల రిటైర్డ్ స్కూల్ టీచరు ముద్దాడ సత్యవతి అను నేను నా ఇష్టపూర్వకంగా రాయించిన జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ రద్దు దస్తావేజు ఏమనగా:

2021లో నాకు తుంటి ఎముక విరిగి, ఆపరేషన్ తర్వాత హైదరాబాద్‌లోని మా అమ్మాయి ఇంట్లో ఉండాల్సి వచ్చింది. ఇక్కడి వ్యవహారాలు చూసుకునేందుకు మా మరిది కొడుకు, విశాఖపట్నం మర్రిపాలెం కాపురస్తుడు ముద్దాడ శ్రీనివాసరావుకు జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ ఇచ్చాను. అది మధురవాడ సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో 14-06-2021న బుక్ 4లో 112/2021 నంబరు దస్తావేజుగా రిజిస్టర్ అయింది. నా బ్యాంకు ఖాతా నడపడం, అద్దె వసూలు, పన్నులు, కరెంటు బిల్లుల చెల్లింపు, దిగువ షెడ్యూలు ఆస్తుల నిర్వహణ, అవసరమైతే వాటి అమ్మకం వరకు అందులో అధికారం ఉంది.

నేను ఇప్పుడు కోలుకుని విశాఖపట్నం వచ్చి నా పనులు నేనే చూసుకుంటున్నాను. కనుక ఆ పవర్ ఆఫ్ అటార్నీని, దాని కింద అతను ఎవరికైనా అప్పగించిన అధికారాన్ని కూడా, ఈ దస్తావేజు ద్వారా పూర్తిగా రద్దు చేస్తున్నాను. ఆ పత్రం ఇచ్చినందుకు నేను ప్రతిఫలం ఏదీ తీసుకోలేదు. షెడ్యూలు ఆస్తులలో శ్రీనివాసరావుకు సొంత హక్కు గానీ, రావలసిన బాకీ గానీ లేదు. అందువల్ల భారత కాంట్రాక్టు చట్టం, 1872, సెక్షన్ 202 ఈ రద్దుకు అడ్డు రాదు.

రద్దు సంగతి తెలియక ముందు ఆ అధికారానికి లోబడి అతను చేసిన పనులకు, ఇచ్చిన రసీదులకు నేను కట్టుబడి ఉంటాను. తెలిసిన తర్వాత నా పేరున చేసే సంతకం ఏదీ నన్ను బంధించదు.

షెడ్యూలు: 1) విశాఖపట్నం, మధురవాడ, మిథిలాపురి కాలనీలో రెండో అంతస్తులోని 302 నంబరు ఫ్లాటు. 2) ఆనందపురం మండలంలో 200 చదరపు గజాల ఖాళీ స్థలం, ప్లాట్ నంబరు 47, తూర్పున ప్లాట్ 48, పడమర ప్లాట్ 46, ఉత్తరాన 30 అడుగుల రోడ్డు, దక్షిణాన ప్లాట్ 60 హద్దులుగా గలది.

సాక్షులు: మా పక్కింటి పిల్లా రమణమూర్తి, మా అమ్మాయి గొర్లె మాధవి.
(సంతకం) ముద్దాడ సత్యవతి

బ్యాంకుకు నోటీసు

విశాఖపట్నం, 12-11-2024
స్వయంగా అందజేసినది

బ్రాంచ్ మేనేజర్ గారికి, స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, ఎంవీపీ కాలనీ శాఖ.

అయ్యా,

మీ శాఖలో నా పేరున, చివరి నాలుగు అంకెలు 4471 గల సేవింగ్స్ ఖాతా, అందులోకి వచ్చే పెన్షన్, రెండు ఫిక్స్‌డ్ డిపాజిట్లు, ఒక లాకరు ఉన్నాయి. 2021 నుంచి వీటిని పవర్ ఆఫ్ అటార్నీ మీద శ్రీనివాసరావు నడిపిస్తున్నారు. ఆ అధికారాన్ని నేను నిన్న రద్దు చేశాను. రద్దు దస్తావేజు సర్టిఫైడ్ నకలు దీనికి జతపరిచాను.

కాంట్రాక్టు చట్టం సెక్షన్ 208 ప్రకారం రద్దు మూడో వ్యక్తికి తెలిసినప్పటి నుంచే వారి విషయంలో అమలవుతుంది. అందుకే ఈ కాగితం పోస్టులో వేసి ఊరుకోకుండా స్వయంగా తెచ్చాను. దయచేసి ఆఫీసు కాపీ మీద అందిన తేదీ, సమయం వేసి, స్టాంపుతో సంతకం చేసి ఇవ్వండి. ఆ సమయం తర్వాత శ్రీనివాసరావు సంతకంతో వచ్చే చెక్కు, విత్‌డ్రాయల్ ఫారం, డిపాజిట్ ముందస్తు రద్దు, డిపాజిట్ మీద అప్పు, లాకరు తెరిచే అభ్యర్థన, ఏదీ అనుమతించవద్దు.

అతని దగ్గర ఇంకా వాడని చెక్కులు పదకొండు ఉన్నాయి: 401240 నుంచి 401250 వరకు. వీటన్నింటికీ స్టాప్ పేమెంట్ పెట్టండి. ఎస్ఎంఎస్ అలర్టులకు అతని మొబైల్ నంబరు ఇచ్చి ఉంది. దాన్ని తీసేసి, జతపరిచిన ఫారంలోని నా నంబరు చేర్చండి. ఓటీపీ ఆ ఫోనుకు పోతుంటే మిగతా జాగ్రత్తలన్నీ వృథా కాబట్టి, అన్నిటికంటే ముందు ఈ పని చేయమని ప్రత్యేకంగా కోరుతున్నాను. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డు కూడా రీసెట్ చేయండి. నా ఖాతాకు నామినీగా ఉన్న మా అమ్మాయి మాధవి పేరు అలాగే ఉండాలి. ఎల్ఐసీ ప్రీమియం ఆటో డెబిట్ కూడా ఆపవద్దు.

2021 జూన్ నుంచి నేటి వరకు ఖాతా స్టేట్‌మెంటు ఇప్పించగలరు. శ్రీనివాసరావు మీద నాకు ఇప్పుడు ఏ ఫిర్యాదూ లేదు. నా లెక్కలు నేను తీసుకుంటున్నాను, అంతే. ఖాతాను ఫ్రీజ్ చేయాల్సిన పని లేదు. నా పెన్షన్, నా లావాదేవీలు మామూలుగా సాగాలి.

ఇట్లు,
(సంతకం) ముద్దాడ సత్యవతి
జతపరిచినవి: రద్దు దస్తావేజు సర్టిఫైడ్ నకలు, ఆధార్, పాన్ నకళ్లు, మొబైల్ నంబరు మార్పు ఫారం.

అద్దెకున్న వారికి, అసోసియేషన్‌కు, స్థలం బ్రోకరుకు నోటీసు

12-11-2024, రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ

మా మరిది కొడుకు ముద్దాడ శ్రీనివాసరావుకు నేను ఇచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని నిన్న రద్దు చేశాను. ఇకపై నా తరఫున వ్యవహరించే అధికారం అతనికి లేదు.

302 ఫ్లాటులో ఉంటున్న కిల్లి సతీష్ గారికి: డిసెంబరు నుంచి అద్దె 14,000 రూపాయలు నేరుగా నా ఖాతాకు పంపండి. నవంబరు అద్దె మీరు ఇప్పటికే శ్రీనివాసరావుకు ఇచ్చి ఉంటే అది ముట్టినట్టే, మళ్లీ కట్టనక్కర్లేదు. మీ అద్దె ఒప్పందం, మీ అడ్వాన్సు అలాగే ఉంటాయి. ఇల్లు ఖాళీ చేయమని అడగడానికి ఈ లేఖ రాయలేదు, ఆ టెన్షన్ పెట్టుకోకండి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ సెక్రటరీ గారికి: మీటింగు నోటీసులు, మెయింటెనెన్స్ బిల్లులు ఇకపై నాకే పంపండి. నా తరఫున ఓటు వేసే అధికారం అతనికి లేదు.

ఆనందపురం స్థలం గురించి అక్టోబరులో నాకు ఫోన్ చేసిన బ్రోకరు పైడిరాజు గారికి: ఆ స్థలం అమ్మకానికి లేదు. అగ్రిమెంటు రాయలేదని, అడ్వాన్సు తీసుకోలేదని శ్రీనివాసరావు నాకు చెప్పారు. మీ దగ్గర వేరే కాగితం ఏదైనా ఉంటే దాని నకలు ఈ నోటీసు అందిన పదిహేను రోజుల్లో పంపండి. ఈ నోటీసు తర్వాత అతని సంతకం నమ్మి ఎవరైనా డబ్బు ఇస్తే దానికి నేను బాధ్యురాలిని కాను. మీరు తీసుకొచ్చిన పార్టీకి కూడా ఈ సంగతి చెప్పండి.

(సంతకం) ముద్దాడ సత్యవతి

అటార్నీకి నోటీసు

12-11-2024, రిజిస్టర్డ్ పోస్టు, అక్నాలెడ్జ్‌మెంట్ డ్యూ

చిరంజీవి శ్రీనుకు పెద్దమ్మ ఆశీస్సులు.

నువ్వు మా ఇంటి పిల్లాడివి, అందుకే ఇది వకీలుతో కాక నా చేత్తో రాస్తున్నాను. నేను మంచం మీద ఉన్నప్పుడు ఇంటి పన్ను గడువు తప్పకుండా కట్టావు, ఫ్లాటు పైపులు బాగు చేయించావు. అది నేను మరిచిపోను. కానీ స్థలం ధర గురించి నాతో మాట వరసకైనా అనకుండా బ్రోకరుతో మాట్లాడడం నాకు బాధ కలిగించింది. నీకిచ్చిన పవర్ ఆఫ్ అటార్నీని నిన్న రద్దు చేశాను. ఈ ఉత్తరం అందినప్పటి నుంచి నా తరఫున ఏ సంతకమూ చేయవద్దు.

ఒరిజినల్ పవర్ పత్రం, చెక్కు బుక్కు, లాకరు తాళం, ఫ్లాటు రెండో తాళం సెట్టు, పన్ను రసీదుల ఫైలు నవంబరు 25లోగా ఇంటికి తెచ్చి ఇవ్వు. అద్దెల లెక్క నెలవారీగా రాసి ఇవ్వు. అడిగినప్పుడు లెక్క అప్పగించడం ఏజెంటు బాధ్యత అని చట్టం సెక్షన్ 213లోనే ఉంది. నీ చేతి నుంచి ఖర్చు పెట్టింది ఏమైనా ఉంటే బిల్లులు చూపించు, పైసాతో సహా ఇస్తాను. అప్పగించిన వాటికి ఇద్దరం సంతకాలు పెట్టి చెరొక కాపీ ఉంచుకుందాం.

సాయంత్రం నాలుగు తర్వాత ఎప్పుడైనా రా, ఇంట్లోనే ఉంటాను. మీ అమ్మను అడిగానని చెప్పు.

పెద్దమ్మ,
(సంతకం) ముద్దాడ సత్యవతి