ముద్దాయి తరఫు తుది వాదన: గుంటూరు మిర్చి టిక్కీల దొంగతనం కేసు (మాక్ ట్రయల్)

యువరానర్,

ముద్దాయి, ముఠా కూలీ ఏడుకొండలు తరఫున చివరి మాట చెప్పుకోడానికి నిలబడ్డాను. ముఠా అంటే బస్తాలు మోసే హమాలీల జట్టు. తెలుగులో వాదించుకోనిచ్చినందుకు ముందుగా కృతజ్ఞతలు. బోనులో నిలబడ్డ మనిషికి తన గురించి ఏం మాట్లాడుకుంటున్నారో అర్థం కావాలి కదా, బోనులో ఉన్నది మా క్లాస్‌మేటే అయినా సరే.

కేసు చిన్నదే. 2025 మార్చి 12 రాత్రి, గుంటూరులో ఒక కమిషన్ ఏజెంటు గోడౌన్ నుంచి రెండు టిక్కీలు, అంటే రెండు బస్తాల తేజా రకం మిర్చి పోయిందని ఆరోపణ. రెండూ కలిపి 84 కిలోలు. క్వింటా 13,000 చొప్పున విలువ 10,920 రూపాయలని ఫిర్యాదులో రాశారు. 16వ తేదీన పోలీసులు ఏడుకొండలు ఇంట్లో 31 కిలోల మిరపకాయలు పట్టుకున్నారు. అవే ఇవి అంటున్నారు. భారతీయ న్యాయ సంహిత 306వ సెక్షన్ కింద, అది కాకపోతే 303(2) కింద శిక్ష వేయమంటున్నారు.

ప్రాసిక్యూషన్ కథ మీరు పొద్దున్నే విన్నారు. నేను దాన్ని కింద నుంచి మొదలుపెడతాను. అసలు మిర్చి పోయిందా?

లాటులో 86 టిక్కీలు ఉండాలి, 84 ఉన్నాయి అన్నారు ఫిర్యాది, అంటే ప్రాసిక్యూషన్ మొదటి సాక్షి పి.డబ్ల్యు.1. ఆ 86 అనే అంకె ఎక్కడి నుంచి వచ్చింది? గుమస్తా రాసిన పుస్తకం నుంచి. గుమస్తా పి.డబ్ల్యు.2. క్రాస్ ఎగ్జామినేషన్‌లో నేను ఆయన్ని అడిగింది ఒక్కటే: "12వ తేదీ సాయంత్రం సరుకు దించినప్పుడు టిక్కీలు మీరే లెక్కపెట్టారా?" ఆయన చెప్పిన జవాబు రికార్డులో ఉంది. "రైతు చీటీలో 86 అని ఉంది సార్, అదే ఎక్కించాను." లారీ దగ్గర లెక్కపెట్టినవాళ్ళు లేరు. తూకం వేసినవాళ్ళు లేరు. చీటీ రాసిన రైతుని సాక్షిగా పిలవలేదు. పల్లెలో 84 ఎక్కించి చీటీలో 86 అని రాసి ఉంటే ఇక్కడ దొంగ అనేవాడే లేడు. అలా జరిగిందని నేను చెప్పడం లేదు, జరగలేదని వాళ్ళు చూపించలేదని మాత్రమే చెబుతున్నాను. చూపించాల్సిన భారం వాళ్ళది. భారతీయ సాక్ష్య అధినియం 104వ సెక్షన్ ఆ బరువు వాళ్ళ నెత్తిన పెట్టింది.

సరే, పోయిందనే అనుకుందాం. తీసింది ఎవరు?

దీనికి మొదటి ఆధారం వాచ్‌మన్, పి.డబ్ల్యు.3. రాత్రి 11 దాటాక ఒకడు సంచి మోసుకుంటూ గేటు దాటాడని, నడక చూసి ఏడుకొండలే అనుకున్నానని చెప్పాడు. ఆ మనిషి తలకు తువ్వాలు చుట్టుకుని ఉన్నాడు, మొహం కనపడలేదు. మరి అప్పుడే ఎందుకు కేకెయ్యలేదయ్యా అంటే, "ముఠావాళ్ళు ఏదో ఒకటి మోసుకుని తిరుగుతూనే ఉంటారండీ" అన్నాడు. ఈ కేసులో నాకు బాగా నచ్చిన సాక్ష్యం ఇదే. సీజన్‌లో మిర్చి గోడౌన్ ముందు నుంచి సంచితో పోయే హమాలీని అనుమానించడం అంటే రైల్వే స్టేషన్‌లో పెట్టె పట్టుకున్నవాణ్ణి అనుమానించడమే.

రెండో ఆధారం వీడియో. ఇది సీసీ కెమెరా రికార్డింగ్ కాదు. సీసీ టీవీ తెర ముందు ఫోన్ పెట్టి గుమస్తాగారు తీసిన 19 సెకన్ల వీడియో. హార్డ్ డిస్కు ఇవ్వలేదు. సాక్ష్య అధినియం 63వ సెక్షన్ అడిగే సర్టిఫికెట్టూ లేదు. పాత చట్టంలో ఇదే 65బి. ఆ సర్టిఫికెట్ తప్పనిసరి అని అర్జున్ పండిత్‌రావ్ ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు 2020లోనే తేల్చింది. చట్టం సంగతి పక్కన పెట్టి వీడియోని వీడియోగానే చూసినా, తెర మూలన టైము 21:52 అని పడుతోంది. వాచ్‌మన్ చూసింది 11 దాటాక. గంట పైగా తేడా. అందులో ఉన్నది ఒక మనిషి, ఒక సంచి. పోయినవి రెండు టిక్కీలు. రెండో టిక్కీ ఎప్పుడు, ఎవరి భుజం మీద వెళ్ళింది? ఈ ప్రశ్న దర్యాప్తు చేసిన ఐ.ఓ. గారిని అడిగితే "దర్యాప్తులో తేలలేదు" అన్నారు. ఆయన నిజాయితీకి దండం పెట్టాలి.

ఇక పోలీసుల ముందు ఇచ్చాడంటున్న వాంగ్మూలం. "నేనే తీశాను, ఇంట్లో దాచాను, చూపిస్తాను" అన్నాడట. పోలీసు అధికారి ముందు ఒప్పుకోలు చెల్లదని సాక్ష్య అధినియం 23వ సెక్షన్ చెబుతోంది. దాని మినహాయింపుని ప్రాసిక్యూషన్ వకీలు ఏ.పి.పి. గారు గట్టిగా పట్టుకున్నారు. ఆ మినహాయింపు ఎంతవరకు పోతుందో చెప్పిన పులుకూరి కోటయ్య కేసు గుంటూరు సెషన్స్ కోర్టులో మొదలై ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్ళింది. మన జిల్లా మనుషుల కేసు, ఇప్పటికీ దేశం మొత్తం చదువుతుంది. ఒక వస్తువు దొరకడానికి నేరుగా దారి చూపిన ముక్క వరకే చెల్లుతుంది, "నేనే తీశాను" అనే ముక్క రాదు అని అది చెప్పింది. ఇక్కడైతే ఆ కాస్త ముక్క కూడా మిగలదు. సంచి ఎక్కడా దాచలేదు. వరండాలో, గుమ్మం పక్కన, చాప మీద ఉంది. చూపించింది ఎవరు? మధ్యవర్తిగా వచ్చిన వి.ఆర్.ఓ., పి.డబ్ల్యు.4 మాటల్లోనే: "మేం వెళ్ళేసరికి వాళ్ళావిడ అక్కడే కూర్చుని ఉంది, సంచి ఆమె పక్కనే ఉంది." కళ్ళెదుట ఉన్నదాన్ని కనిపెట్టడానికి వాంగ్మూలం ఎందుకు? సోదాని వీడియో తీయాలని నాగరిక్ సురక్షా సంహిత 105వ సెక్షన్ చెబుతుంటే, ఫోన్‌లో ఛార్జింగ్ లేదన్నారు. నలుగురు వెళ్ళారు. నలుగురి ఫోన్లలోనూ లేదా అని అడగబోతే అభ్యంతరం చెప్పారు, మీరు ఒప్పుకున్నారు. నేను కూర్చున్నాను.

ఇప్పుడు ఆ సంచి దగ్గరికి వద్దాం. సాక్ష్యంగా కోర్టులో పెట్టిన వస్తువు, ఎం.ఓ.1. పొద్దుట్నుంచి ఈ హాల్లో అందరం దగ్గుతున్నామంటే దాని పుణ్యమే. యువరానర్, దయచేసి ఒక్కసారి మూట విప్పించండి.

ఇది తెల్లటి యూరియా సంచి. ఫిర్యాది గోడౌన్‌లో ప్రతి టిక్కీ గోనె సంచే, దాని మీద రంగుతో షాపు మార్కు, లాటు నంబరు వేస్తామని ఆయనే చెప్పారు. దీని మీద ఏ మార్కూ లేదు. లోపల ఉన్నవి తేజా కాయలే, ఒప్పుకుంటాను. సీజన్‌లో గుంటూరులో తేజా కాయ దొరకని వీధి ఉందా? ఒక గుప్పెడు తీసి చూడండి. తొడిమలు లేవు. ఒక్క కాయకీ లేదు. రైతు దగ్గర నుంచి వచ్చే టిక్కీలో కాయ తొడిమతోనే వస్తుందని గుమస్తా ఒప్పుకున్నారు. పోయినవి తొడిమ కాయలు, దొరికినవి తొడిమ తీసిన కాయలు.

ఏడుకొండలు భార్య, మా తరఫు మొదటి సాక్షి డి.డబ్ల్యు.1, ఇంట్లో తొడాలు తీసే కూలి చేస్తుంది. అత్తాకోడళ్ళు ఇద్దరూ కూర్చుని చేస్తారు. మార్చి 11న, అంటే ఈ దొంగతనం జరిగిందంటున్న రోజుకి ముందు రోజు, ఒక కారం మిల్లు యజమాని తనకు 34 కిలోలు ఇచ్చాడని చెప్పింది. ఆ యజమాని డి.డబ్ల్యు.2గా వచ్చి అవునన్నాడు. చీటీ ఎగ్జిబిట్ డి-1. అది తెల్లకాగితం ముక్క, దాని మీద నంబరు లేదు, స్టాంపు లేదు. ఏ.పి.పి. గారు దాన్ని చీల్చి చెండాడారు, ఆ చీటీని నేను మరీ మోయను. ఆ రాత్రి తొమ్మిదికే ఇంటికొచ్చానని ఏడుకొండలు, పదికి వచ్చాడని ఆమె చెప్పిన మాట కూడా నిజమే. గడియారం చూసి బతికే ఇల్లు కాదది. అయినా ఆమెని తొడాల గురించి ఎంతసేపు క్రాస్ చేసినా తడబడలేదు. గోరుతో ఎలా గిల్లుతారో చేతులతో చూపించింది. ఘాటు తగలకుండా వేళ్ళకు గుడ్డపీలిక చుట్టుకుంటామంది.

దీనికి ఏ.పి.పి. గారి జవాబు ఏమిటంటే, "దొంగిలించాక నాలుగు రోజుల్లో ఆ తొడిమలు తీసేసి ఉండవచ్చు." ఉండవచ్చు! నిజమే, ఉండవచ్చు. మిగతా 53 కిలోలు అమ్మేసి ఉండవచ్చు. గోనెసంచులు తగలబెట్టి ఉండవచ్చు. కొన్న వ్యాపారి ఊరొదిలి వెళ్ళి ఉండవచ్చు. వీటిలో దేనికీ సాక్షి లేడు. పరిస్థితుల సాక్ష్యం మీదే నిలబడే కేసులో "అయి ఉండవచ్చు"కీ "అయి తీరాలి"కీ మధ్య చాలా దూరం ఉందని శరద్ బిర్దిచంద్ సర్దా కేసులో 1984లో సుప్రీంకోర్టు గుర్తుచేసింది. ఆ దూరం ప్రాసిక్యూషన్ నడిచి దాటాలి. ఒక్క ఊహతో దూకేస్తామంటే కుదరదు.

దొంగసొత్తు వెంటనే ఎవరి దగ్గర దొరికితే వాడే దొంగ అని ఊహించవచ్చు కదా, సాక్ష్య అధినియం 119వ సెక్షన్ ఉంది కదా అన్నారు. ఉంది. అయితే దొరికింది ఆ సొత్తే అని ముందు తేలాలి. గొలుసైతే గుర్తుపడతాం, బండికి నంబరు ఉంటుంది. మిరపకాయని ఎలా గుర్తుపడతారని ఫిర్యాదిని అడిగాను. "వాసన చూసి చెప్పగలను" అన్నారు. ముప్పై ఏళ్ళ అనుభవం ఉన్న వ్యాపారి, చెప్పగలరేమో. కానీ ఆ మాట తొలి ఫిర్యాదులో లేదు, పోలీసులకిచ్చిన వాంగ్మూలంలో లేదు, ఛీఫ్ ఎగ్జామినేషన్‌లో లేదు. క్రాస్‌లో పుట్టింది.

306వ సెక్షన్ గురించి రెండు ముక్కలు చాలు. అది యజమాని సొత్తుని నౌకరు దొంగిలిస్తే వర్తించేది. ఏడుకొండలు ముఠా కూలీ, టిక్కీకి ఇంత అని తీసుకుంటాడు. ఈరోజు ఈ షాపు, రేపు పక్క షాపు. జీతం లేదు, హాజరు పుస్తకంలో పేరు లేదు. ఈ మాట ఫిర్యాదిగారే ఒప్పుకున్నారు. ఏడేళ్ళ దాకా శిక్ష పడే సెక్షన్ని ఏ కాగితం ఆధారంగా పెట్టారో నాకు అర్థం కాలేదు.

ఇంకొకటి. 13న పొద్దున్నే లెక్క తగ్గిందని తెలిస్తే 15న ఎందుకు ఫిర్యాదు చేశారు? మార్చి 10న ముఠావాళ్ళు కూలి రేటు పెంచమని అడిగారు, అందరి తరఫునా గట్టిగా మాట్లాడింది ఏడుకొండలు. ఆ గొడవ జరిగిందని ఫిర్యాది ఒప్పుకున్నారు. 14న ముఠా పని ఆపేసింది. 15న ఎఫ్.ఐ.ఆర్. పడింది. ఫిర్యాది కావాలనే ఇరికించారని నేను ఆరోపించను, అంత రుజువు నా దగ్గరా లేదు. కాకపోతే, లెక్క తగ్గినప్పుడు ఆయనకి మొదట ఎవరి మొహం గుర్తొచ్చిందో, ఎందుకు గుర్తొచ్చిందో ఈ తేదీలు చూస్తే తెలుస్తుంది.

దొరికిన కాయల విలువ ఐదు వేల లోపే, మొదటి తప్పు, సమాజసేవతో సరిపెట్టవచ్చు అని ఏ.పి.పి. గారు చివర్లో ఉదారంగా ఒక మాటన్నారు. వద్దండీ. అది తప్పు చేసినవాడికి ఇచ్చే రాయితీ. నేను దయ అడగడానికి రాలేదు.

కాబట్టి నాగరిక్ సురక్షా సంహిత 271(1) కింద ముద్దాయిని నిర్దోషిగా విడుదల చేయాలని, ఎం.ఓ.1 సంచిని డి.డబ్ల్యు.1కి తిరిగి ఇప్పించాలని కోరుతున్నాను. సరుకు మిల్లుకి చేరితే గానీ ఆమెకి తొడాల కూలి రాదు.