మత సంస్కరణోద్యమం ప్రధానంగా మతపరమైనదా, రాజకీయమైనదా? – జవాబు ప్లాన్

ఎం.ఏ. చరిత్ర, 20 మార్కుల వ్యాసం. నాలుగు పేజీలు, 40 నిమిషాలు. పోయినసారి టెస్టులో కారణాలన్నీ వరసగా రాసి వచ్చాను. మేడమ్ మార్జిన్‌లో ఎర్ర ఇంకుతో "ఇంతకీ ప్రశ్నకు జవాబేది?" అని రాశారు. అందుకని ఈసారి నా జవాబు మొదటి పేరాలోనే ఉండాలి.

నా వాదన: 16వ శతాబ్దపు యూరప్‌లో ఈ ఉద్యమం పుట్టింది మత ప్రశ్న నుంచే. ఎక్కడ నిలబడాలో, ఎక్కడ అణగిపోవాలో మాత్రం చాలావరకు పాలకులు తేల్చారు. "ప్రధానంగా" అన్న మాటను ఇక్కడే పట్టుకోవాలి. పుట్టుకను అడిగితే ఒక జవాబు, వ్యాప్తిని అడిగితే ఇంకొకటి. ఆరు లైన్లు చాలు.

మొదట మతం. 1517, విటెన్‌బర్గ్, జర్మన్ సన్యాసి మార్టిన్ లూథర్ 95 వాదాంశాలు. ఇక్కడ పాపపరిహార పత్రాల కథ వివరంగా చెప్పాలి: మైంజ్ ఆర్చ్‌బిషప్ పదవి కోసం ఆల్‌బ్రెక్ట్ ఫుగ్గర్లనే బ్యాంకర్ల కుటుంబం దగ్గర అప్పు చేశాడు. పత్రాల అమ్మకంలో సగం ఆ అప్పుకు, సగం రోమ్‌లో సెయింట్ పీటర్స్ చర్చి కట్టడానికి. డబ్బు, పదవి ఉన్నాయి కాబట్టి ఇది రాజకీయమే అనిపిస్తుంది. కానీ లూథర్‌ను నిద్రపోనివ్వనిది అవినీతి ఒక్కటే కాదు, "దేవుని ముందు నేనెలా నీతిమంతుణ్ణి అవుతాను?" అన్న ప్రశ్న. బైబిల్‌లో రోమా పత్రికలోని "నీతిమంతుడు విశ్వాసమూలముగా జీవించును" దగ్గర అతనికి జవాబు దొరికింది. ఈ మాట తప్పకుండా రాయాలి.

తర్వాత రాజకీయం. చర్చిని విమర్శించిన బొహీమియా మతగురువు హుస్‌తో మొదలుపెడతాను. రక్షణ పత్రం ఇచ్చి పిలిపించి మరీ 1415లో కాన్‌స్టెన్స్‌లో కాల్చేశారు. 1521లో వర్మ్స్‌లో జరిగిన సామ్రాజ్య సభకు లూథర్ కూడా అలాంటి పత్రంతోనే వెళ్లాడు, ప్రాణాలతో బయటపడ్డాడు. శాక్సనీ ఎలెక్టర్ ఫ్రెడరిక్ అతణ్ణి వార్ట్‌బర్గ్ కోటలో దాచాడు, కొత్త నిబంధన జర్మన్ అనువాదం అక్కడే మొదలైంది. చక్రవర్తి ఐదో చార్లెస్‌కు ఒక పక్క ఫ్రాన్స్‌తో యుద్ధాలు, ఇంకోపక్క తుర్కులు. జర్మనీ మీద పూర్తిగా దృష్టి పెట్టే తీరిక లేదు. 1524–25 రైతుల తిరుగుబాటులో లూథర్ పాలకుల వైపే నిలిచాడు. ఇది రాస్తుంటే నాకు బాధగానే ఉంటుంది, కానీ వదలకూడదు. 1555 ఆగ్స్‌బర్గ్ సంధి ఒక్క వాక్యం: పాలకుడిది ఏ మతమో ఆ ప్రాంతానిది అదే.

ఇంగ్లండ్‌కు ఒక పేరా. రాజకీయం అనే వాళ్లకు బలమైన ఉదాహరణ ఇదే. 1521లో లూథర్‌ను ఖండించి "విశ్వాస రక్షకుడు" బిరుదు తీసుకున్న ఎనిమిదో హెన్రీయే 1534లో చర్చికి అధిపతి అయ్యాడు. తర్వాత కొన్నేళ్లలోనే మఠాల ఆస్తులు రాజుకు చేరాయి. అయినా 1539 ఆరు సూత్రాల చట్టంలో సిద్ధాంతం చాలావరకు కాథలిక్కే. కానీ కాథలిక్ రాణి మేరీ కాలంలో సుమారు 280 మంది ప్రొటెస్టెంట్లు మంటల్లో చనిపోయారు, వాళ్లలో చేతిపనులవాళ్లు చాలామంది. వాళ్లకు ఏ మఠం భూమీ రాలేదు. ఈ వాక్యంతో పేరా ముగించాలి.

వ్యాసానికి ప్రాణం మార్‌బర్గ్. ఒక పేజీ దీనికే. 1529లో హెస్సె పాలకుడు ఫిలిప్ లూథర్‌నూ స్విస్ సంస్కర్త జ్వింగ్లీనీ మార్‌బర్గ్‌లో ఒకచోట కూర్చోబెట్టాడు. ఇద్దరూ కలిస్తే చక్రవర్తికి ఎదురుగా కూటమి కట్టొచ్చని అతని ఆశ. చాలా విషయాల్లో ఏకాభిప్రాయం వచ్చింది. ప్రభురాత్రి భోజనంలోని రొట్టె నిజంగా క్రీస్తు శరీరమేనా అన్న దగ్గర ఆగిపోయింది. లూథర్ బల్ల మీద సుద్దతో "ఇది నా శరీరము" అని లాటిన్‌లో రాసి, ఆ మాట మీద నుంచి కదల్లేదు. రాజకీయమే ప్రధానమైతే ఆ రోజు రాజీ కుదిరేది. పూర్తి మార్కులు ఇక్కడే వస్తాయని నా నమ్మకం.

ముగింపులో స్పేయర్ నిరసన. "ప్రొటెస్టెంట్" అన్న పేరు రాజకీయ సభలో పాలకులు, నగరాలు చేసిన నిరసన నుంచి వచ్చింది. ఆ నిరసనలో వాళ్లన్నదేమో, రక్షణ విషయంలో ఎవరికి వారు దేవుని ముందు నిలబడి లెక్క చెప్పాలని. మనం విడదీసి అడుగుతున్న రెండూ వాళ్లకు ఒకే కాగితం మీద ఉన్నాయి.

వదిలేయాల్సినవి: కాల్విన్ జీవితం, ట్రెంట్ సభ వివరాలు. అచ్చుయంత్రం గురించి ఒక లైన్ మించకూడదు.

టైమ్: ప్లాన్ 4 నిమిషాలు, రాయడం 32, చదువుకోవడం 4. చివర్లో 1529 ఒకసారి చూసుకోవాలి: స్పేయర్ ఏప్రిల్, మార్‌బర్గ్ అక్టోబర్. తుర్కుల వియన్నా ముట్టడి కూడా ఆ ఏడాదే.