బడ్జెట్ వివరణ: మర్రిగూడ, నాంపల్లి, చండూరు మండలాల్లోని 12 గ్రామాల్లో తాగునీటి ఫ్లోరైడ్ పరీక్ష, అవగాహన (12 నెలలు)

మేము అడుగుతున్న మొత్తం రూ. 9,90,060. ప్రతిపాదనలో నాలుగు పనులు చెప్పాము. ఆ పనుల వరుసలోనే ఖర్చు రాస్తున్నాము. ఏ పనికీ నేరుగా చెందని ఖర్చును చివర విడిగా చూపాము.

పని 1: బోర్ల నీటి పరీక్ష (రూ. 1,34,220)

ఊరికి 20 చొప్పున 240 బోర్లు, చేతిపంపులు. వానలకు ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చూస్తాము కాబట్టి 480 నమూనాలు. ఇందులో పెద్ద ఖర్చు ఫ్లోరైడ్ ఎలక్ట్రోడ్‌తో ఉన్న మీటరు, రూ. 78,000. మూడు కొటేషన్లలో తక్కువది ఇదే, జీఎస్టీ కలిపి. రంగు చూసి చెప్పే కిట్లు చాలా చవక. నిరుడు వాటితోనే మొదలుపెట్టాము. ఒకే బోరు నీళ్లు చూసి మా కార్యకర్తలు ఇద్దరు రెండు లెక్కలు చెప్పారు. భారత ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం లీటరుకు 1 మిల్లీగ్రాము దాకా మంచిది, వేరే నీటి వసతి లేకపోతే 1.5 దాకా ఫరవాలేదు. 1.4కూ 1.6కూ తేడా కంటికి ఆనదు. పని 2లో ఏ బోరుకు ఏ రంగు వేయాలో ఆ తేడాయే తేలుస్తుంది. అందుకే మీటరు అడుగుతున్నాము.

రసాయనాలకు నమూనాకు రూ. 40 చొప్పున రూ. 19,200. సీసాలు 260, ఒక్కోటి రూ. 15, మొత్తం రూ. 3,900. ఫ్లోరైడ్ గాజుతో కలిసిపోయే గుణం ఉన్నది కాబట్టి ప్లాస్టిక్‌వే కొంటాము, కడిగి రెండో విడతకూ వాడతాము. మా లెక్క సరిగ్గా ఉందో లేదో చూసుకోవడానికి పదింట ఒక నమూనాను, అంటే 48 నమూనాలను, బయటి ల్యాబుకు పంపుతాము: ఒక్కోటి రూ. 450, రూ. 21,600. నమూనాలు తేవడానికి బైకుపై 48 తిరుగుళ్లు, సగటున 60 కిలోమీటర్లు, కిలోమీటరుకు రూ. 4 చొప్పున రూ. 11,520.

పని 2: బోర్లకు రంగు (రూ. 42,000)

నిరుడు ఫలితాల కాగితం పంచాయతీ గోడకు అంటిస్తే ఒక ముసలమ్మ, "గా అంకెలు నాకేం ఎరుక బిడ్డా, మా బోరు మంచిదా కాదా గదొక్కటి జెప్పు" అన్నది. ఆ మాటకు జవాబే ఈ పని. 1.5 దాటిన బోరుకు ఎరుపు, మిగతా వాటికి నీలం. రంగు, కూలీ కలిపి బోరుకు రూ. 150, 240 బోర్లకు రూ. 36,000. రెండో విడతలో ఫలితం మారే బోర్లు 40 దాకా ఉంటాయనుకుని రూ. 6,000 పెట్టాము.

పని 3: ఇంటింటికీ మాట (రూ. 4,37,640)

బడ్జెట్‌లో సగానికి దగ్గరగా ఇక్కడే పోతుంది. మిషన్ భగీరథ నల్లా నీళ్లు రాని రోజున జనం మళ్లీ బోరు దగ్గరికే పోతారు. కాచి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ నమ్మే ఇళ్లున్నాయి. కాస్తే అది పోదు, నీళ్లు ఇగిరిన కొద్దీ చిక్కబడుతుంది. ఈ మాట ఊరి మనిషి పొయ్యి దగ్గర కూర్చుని చెప్పాలి. ఊరికొక మహిళా కార్యకర్త, నెలకు 10 రోజులు, రోజుకు రూ. 300. పన్నెండు మందికి ఏడాదికి రూ. 4,32,000. పని 1లో నమూనాలు పట్టేదీ వీళ్లే, దానికి వేరే కూలీ అడగడం లేదు.

రెండు రోజుల శిక్షణకు 14 మందికి పూటకు రూ. 150 చొప్పున భోజనం, రూ. 4,200. పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు కాబట్టి బస్సు ఛార్జీ పెట్టలేదు. ఊరి నుంచి బస్టాండుకు ఆటో మాత్రం పన్నెండు మంది కార్యకర్తలకు మనిషికి రోజుకు రూ. 60, మొత్తం రూ. 1,440. గది పంచాయతీ ఉచితంగా ఇస్తుంది.

పని 4: బడి పిల్లల పళ్ల పరీక్ష (రూ. 49,200)

ఊరికొక బడి, బడికొక రోజు. దంతవైద్యులకు రోజుకు రూ. 2,500, పన్నెండు రోజులకు రూ. 30,000. గ్లౌజులు, వాడి పారేసే అద్దాలు, తల్లిదండ్రుల అనుమతి పత్రాలు కలిపి పిల్లకు రూ. 20 చొప్పున 960 మందికి రూ. 19,200.

సమన్వయకర్త జీతం (రూ. 2,64,000)

నెలకు రూ. 22,000. ఈ మనిషి సమయంలో సగం పని 1, 2లకు (రూ. 1,32,000), 30 శాతం పని 3కు (రూ. 79,200), 20 శాతం పని 4కు (రూ. 52,800). రోజువారీ డైరీలో ఏ పనికి ఎన్ని గంటలో రాయిస్తాము, అడిగినప్పుడు చూపిస్తాము.

నేరుగా ఏ పనికీ చెందనివి (రూ. 63,000)

పావు సమయం పనిచేసే అకౌంటెంటుకు నెలకు రూ. 4,000, ఆడిట్‌కు రూ. 15,000. ఆఫీసు అద్దె, కరెంటు, ఫోను మా సంస్థే భరిస్తుంది. ఆర్‌ఓ ప్లాంటు అడగలేదు. ఏ బోర్లు చెడ్డవో తేలకముందే దాన్ని ఎక్కడ పెట్టాలో చెప్పలేము.

రెండో విడతలో ఎండిపోయిన బోర్లు ఉంటే ఆ నమూనాల రసాయనాల డబ్బు, రంగు మార్చాల్సిన బోర్లు 40 కన్నా తక్కువైతే ఆ మిగులు, వేరే పద్దుకు మళ్లించకుండా మీకే తిరిగి పంపుతాము.