చిన్నాకి రివిజన్ ప్లాన్: ఫిబ్రవరి 15 నుంచి మార్చి 18 దాకా

చిన్నా, నువ్వు పంపిన స్క్రీన్‌షాట్‌లోని తేదీలన్నీ కాగితం మీద రాసుకుని ఈ ప్లాన్ వేశాను. ముందు నేను చదివింది సరిగ్గా ఉందో లేదో చూడు. ఇంగ్లీష్ మార్చి 8 సోమవారం, గణితం 10 బుధవారం, ఫిజిక్స్ 11 గురువారం, కెమిస్ట్రీ 15 సోమవారం, కంప్యూటర్ సైన్స్ 18 గురువారం. కెమిస్ట్రీ వరుసలో అంకె మసకగా ఉంది, 15 అనీ చదవచ్చు, 16 అనీ చదవచ్చు. పక్కన MON అని ఉంది కాబట్టి 15 అని తీసుకున్నాను. హాల్ టికెట్ వచ్చాక ఈ ఒక్క తేదీ మళ్ళీ చూసుకో.

నువ్వు గమనించలేదనుకుంటా, ఇంకో రెండు సంగతులున్నాయి. మొదటి నాలుగు పరీక్షలకు FN అని ఉంది, కంప్యూటర్ సైన్స్‌కి మాత్రం AN. అంటే అది మధ్యాహ్నం 2 గంటలకు. రెండోది, పట్టిక కింద చిన్న అక్షరాల్లో చుక్క గుర్తు పెట్టి 'Physics Practical 26-02' అని రాశారు. స్క్రీన్‌షాట్ ఇంకొంచెం పైకి కత్తిరించి ఉంటే అది నాకూ కనిపించేది కాదు. రికార్డు మీద సంతకాలు అయ్యాయా?

ఇక లెక్క. ఫిబ్రవరి 15 నుంచి మార్చి 17 దాకా మొత్తం 31 రోజులు. అందులో ఉదయం పరీక్షలున్న రోజులు 4, ప్రాక్టికల్ రోజు 1, వెనకబడినవి అందుకోవడానికి వదిలేసిన ఆదివారాలు 2. ఇవి పోగా చేతిలో మిగిలేవి 24.

అన్నిటికీ సమానంగా పంచమన్నావు కానీ నేను పంచలేదు. ప్రీఫైనల్ మార్కులు అన్నీ వందకు మార్చి, ఒక్కో సబ్జెక్టులో వందకు ఎంత తగ్గిందో చూశాను. ఫిజిక్స్‌లో 41 వచ్చాయి, తగ్గింది 59. గణితంలో 58 వచ్చాయి, తగ్గింది 42. కెమిస్ట్రీ 63కి 37, ఇంగ్లీష్ 78కి 22, కంప్యూటర్స్ 81కి 19. తగ్గినవన్నీ కలిపితే 179. ఆ 179లో ఎవరి వాటా ఎంతో 24 రోజుల్లో అంత ఇస్తే ఫిజిక్స్‌కి దాదాపు 8 రోజులు, గణితానికి ఐదున్నర పైన, కెమిస్ట్రీకి 5, ఇంగ్లీష్‌కి 3, కంప్యూటర్స్‌కి రెండున్నర వచ్చాయి. గణితానికి పూర్తిగా 6 చేశాను. ఇంగ్లీష్‌లో ఒక రోజు కోశాను, ఎందుకంటే అది రోజూ రాత్రి అరగంట చదివినా సాగిపోయే సబ్జెక్టు. కంప్యూటర్స్‌కి 3 వచ్చాయి. అది నీకు ఇష్టమని ఇవ్వలేదు, కెమిస్ట్రీ అయ్యాక ఖాళీ రోజులు ఎటూ దానికే పోతాయి కాబట్టి అలా కుదిరింది.

అసలు మెలిక ఇక్కడే ఉంది. టైమ్‌టేబుల్‌లో కెమిస్ట్రీకి ముందు మూడు రోజుల గ్యాప్ ఉంది, ఫిజిక్స్‌కి ముందు ఒక్క రోజు కూడా లేదు. గణితం రాసి వచ్చిన మర్నాడే ఫిజిక్స్. గ్యాప్‌లో చదువుకోవచ్చులే అనుకునే వీలు ఆ ఒక్క సబ్జెక్టుకే లేదు, నీకు కష్టమైంది కూడా అదే. అందుకే ఫిజిక్స్ 8 రోజులూ మార్చి 6 లోపే పెట్టేశాను. కెమిస్ట్రీకి ఇప్పుడు 2 రోజులే, మిగతా 3 గ్యాప్‌లో. కెమిస్ట్రీ వెనకబడిందని మధ్యలో టెన్షన్ పడి ఫిజిక్స్ రోజుల్లోకి దాన్ని తోయకు.

రోజుకు మూడు సిట్టింగులు. పొద్దున మూడు గంటలు, మధ్యాహ్నం రెండున్నర గంటలు ఆ రోజు సబ్జెక్టే. సాయంత్రం గంటన్నర మాత్రం నిన్నటి సబ్జెక్టుది: నోట్స్ మూసేసి, నిన్న చేసిన లెక్కల్లో ఐదు మళ్ళీ చేయాలి. రాకపోతే నోట్‌బుక్ చివరి పేజీలో ఆ లెక్క నంబర్ రాసి పెట్టు. ఆ పేజీ మార్చి 10 సాయంత్రం అక్కరకొస్తుంది. రాత్రి అరగంట ఇంగ్లీష్.

మొదటి వారం

15 సోమ: ఫిజిక్స్. ఎలక్ట్రోస్టాటిక్స్, కెపాసిటర్లు. గాస్ నియమం మీద డెరివేషన్లు నీకు వచ్చు, వాటి మీద గంటకు మించి కూర్చోకు. పోయినవన్నీ న్యూమరికల్స్‌లోనే పోయాయి.
16 మంగళ: ఫిజిక్స్. కరెంట్ ఎలక్ట్రిసిటీ. కిర్కాఫ్ నియమాల లెక్కలు కనీసం పది.
17 బుధ: గణితం. మాత్రికలు, డిటర్మినెంట్లు.
18 గురు: ఫిజిక్స్. మాగ్నెటిజం.
19 శుక్ర: గణితం. అవకలనం, దాని అనువర్తనాలు.
20 శని: కెమిస్ట్రీ. ద్రావణాలు, ఎలక్ట్రోకెమిస్ట్రీ, కైనెటిక్స్. మూడూ లెక్కలున్న పాఠాలే కాబట్టి ఒకే రోజులో నడుస్తాయి.
21 ఆది: ఏమీ పెట్టలేదు. ఈ వారంలో మిగిలిపోయింది ఉంటే ఈ రోజు చెయ్యి, లేకపోతే పడుకో. కొత్త పాఠం మాత్రం మొదలుపెట్టకు.

రెండో వారం

22 సోమ: ఫిజిక్స్. విద్యుదయస్కాంత ప్రేరణ, ఏసీ సర్క్యూట్లు.
23 మంగళ: గణితం. సమాకలనం. దీనికి ఒక్క రోజు చాలదని నువ్వు గొడవ చేస్తావని తెలుసు. అన్ని రకాలూ ముట్టుకోవద్దు. పార్షియల్ ఫ్రాక్షన్లు, బై పార్ట్స్, డెఫినిట్ ఇంటిగ్రల్ ధర్మాలు, ఈ మూడూ గట్టిగా పట్టుకో.
24 బుధ: ఫిజిక్స్. రే ఆప్టిక్స్.
25 గురు: ఫిజిక్స్. పొద్దున వేవ్ ఆప్టిక్స్, మధ్యాహ్నం నుంచి ప్రాక్టికల్ రికార్డు, వైవా ప్రశ్నలు. ఆ రోజు సాయంత్రం సిట్టింగు లేదు.
26 శుక్ర: ప్రాక్టికల్. ఇంటికొచ్చాక ఇంకేం వద్దు.
27 శని: కంప్యూటర్ సైన్స్. పైథాన్ ఫంక్షన్లు, ఫైళ్ళు. ప్రాక్టికల్ అలసట మీద తేలిక సబ్జెక్టు పడాలని కావాలనే ఇక్కడ పెట్టాను.
28 ఆది: మళ్ళీ ఖాళీ. పోయిన ఆదివారానికి చెప్పిందే.

24వ తేదీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. నీ ఆన్సర్ షీట్ ఫొటోలో కుంభాకార కటకం లెక్క చూశాను. వస్తువు 30 సెంటీమీటర్ల దూరంలో, నాభ్యంతరం 20. ఫార్ములా సరిగ్గానే రాశావు:

```
1/f = 1/v − 1/u
```

కానీ u దగ్గర మైనస్ పెట్టకుండా 30 అని వేశావు. దాంతో 1/v = 1/20 + 1/30 అయ్యి 12 వచ్చింది. u = −30 వేస్తే 1/v = 1/20 − 1/30 = 1/60, అంటే v = 60. నిజానికి నీ 12ని నువ్వే పట్టుకోవచ్చు: వస్తువు నాభికి అవతల ఉంటే ప్రతిబింబం నాభ్యంతరం కంటే దగ్గర పడదు. కాబట్టి ఆ రోజు ఏ లెక్కయినా ముందు బొమ్మ గీసి, కాంతి వెళ్ళే దిశలో కొలిస్తే ప్లస్, ఎదురు దిశలో కొలిస్తే మైనస్ అని గుర్తులు వేసుకుని, ఆ తర్వాతే ఫార్ములాలోకి వెళ్ళు. కటకాలవి పది, దర్పణాలవి పది. దర్పణం ఫార్ములాలో మధ్యన ప్లస్ ఉంటుంది, రెండూ కలిపేసుకోకు. కిరణాలకు బాణం గుర్తులు కూడా వెయ్యరా బాబూ, నీ బొమ్మల్లో ఒక్కదానికీ లేవు.

మూడో వారం

మార్చి 1 సోమ: గణితం. అవకలన సమీకరణాలు, సదిశలు, త్రీడీ.
2 మంగళ: ఫిజిక్స్. ఫోటోఎలక్ట్రిక్ ఎఫెక్ట్, పరమాణువు, కేంద్రకం, సెమీకండక్టర్లు. పాఠాలు నాలుగు కనిపిస్తాయి కానీ చిన్నవి, ఒక్క రోజులో అయిపోతాయి.
3 బుధ: కెమిస్ట్రీ. ఆర్గానిక్ నేమ్ రియాక్షన్లు, చూసి కాదు, రాసి.
4 గురు: ఇంగ్లీష్. లేఖ, రిపోర్టు, నోటీసు ఫార్మాట్లు.
5 శుక్ర: గణితం. పొద్దున సంభావ్యత, లీనియర్ ప్రోగ్రామింగ్. మధ్యాహ్నం గడియారం పెట్టుకుని పాత పేపరు ఒకటి.
6 శని: ఫిజిక్స్. పాత పేపర్లు రెండు. ఇది ఆఖరి పూర్తి రోజు. ఫార్ములాలన్నీ ఒకే షీటు మీదకు ఎక్కించేది కూడా ఈ రోజే.
7 ఆది: ఇంగ్లీష్. టెక్స్ట్‌బుక్ పాఠాలు ఒకసారి తిరగెయ్యి, పెందలాడే పడుకో.

పరీక్షలు మొదలయ్యాక

8న ఇంగ్లీష్ రాసి వచ్చాక ఒక కునుకు తీసి, సాయంత్రం నాలుగు నుంచి గణితం ఫార్ములాలు. 9 మంగళవారం మొత్తం గణితమే. కొత్త లెక్కలు వద్దు, నోట్‌బుక్ చివరి పేజీలో ఉన్నవి మాత్రమే.

10వ తేదీ జాగ్రత్త. గణితం పేపరు ఎలా రాశావో ఫ్రెండ్స్‌తో ఆన్సర్లు సరిచూసుకోవడానికి కూర్చుంటే ఆ మధ్యాహ్నం అంతా దానికే పోతుంది. ఫోను నాన్నకి ఇచ్చెయ్, నేను చెప్పానని చెప్పు. మూడు నుంచి ఆరు దాకా ఫిజిక్స్ చివరి పేజీ లెక్కలు, ఏడు నుంచి తొమ్మిదిన్నర దాకా ఫార్ములా షీటు, బొమ్మలు. చదవని పాఠం ఏదైనా మిగిలి ఉంటే దాన్ని వదిలెయ్. ఆ రాత్రి కొత్తగా ఎక్కేది తక్కువ, వచ్చినవి చెరిగిపోయే ప్రమాదం ఎక్కువ.

11న ఫిజిక్స్ అయ్యాక ఆ రోజు పుస్తకం ముట్టుకోవద్దు. 12 శుక్రవారం కెమిస్ట్రీలో డి బ్లాక్, కోఆర్డినేషన్ కాంపౌండ్లు. 13న ఆల్డిహైడ్లు, కీటోన్లు, ఎమీన్లు. 14న పొద్దున పాత పేపరు, మధ్యాహ్నం ఫిబ్రవరి 20న చేసిన లెక్కలు.

15న కెమిస్ట్రీ. 16న SQL. ప్రతి క్వెరీ చేత్తో రాయి, ల్యాప్‌టాప్‌లో కాదు, పరీక్షలో అది ఉండదు. WHERE ఎక్కడ, HAVING ఎక్కడ అనేది GROUP BY ఉన్న క్వెరీలతోనే ప్రాక్టీస్ చెయ్యి. 17న నెట్‌వర్క్స్, పాత పేపరు ఒకటి. 18న పరీక్ష మధ్యాహ్నం కాబట్టి పొద్దున మూడు గంటలు దొరుకుతాయి. అప్పుడు ఫైల్ మోడ్‌లు ఒక్కసారి చూసుకో. 'w' తో తెరిస్తే ఫైల్లో అంతకుముందు ఉన్నది తుడిచిపెట్టుకుపోతుంది, 'a' తో తెరిస్తే చివర చేరుతుంది. ప్రీఫైనల్లో నువ్వు ఇవే అటూ ఇటూ రాశావు. పదకొండున్నరకి పుస్తకం మూసేసి, తినేసి, ఒంటి గంటకల్లా బయల్దేరు.