వాయేజర్ పూర్తి కథ: 1977లో బయల్దేరిన ఆ రెండు నౌకలు ఇంకా ఎలా మాట్లాడుతున్నాయి?

1977లో నాసా పంపిన రెండు వాయేజర్ అంతరిక్ష నౌకలు ఏం చూశాయి, ఎక్కడెక్కడ మొరాయించాయి, భూమ్మీద కూర్చునే వాటిని ఎలా బాగుచేశారు: అంతా ఒకే వీడియోలో, తెలుగులో. నిడివి 2 గంటల 36 నిమిషాలు. ఏకబిగిన చూడాల్సిన పని లేదు, కింద చాప్టర్లు ఉన్నాయి, కావాల్సిన చోట నొక్కండి.

బృహస్పతి, శని ఫోటోలు మీరు ఎన్నోసార్లు చూసే ఉంటారు. అందుకే గ్రహాల దగ్గర ఎక్కువసేపు ఆగలేదు. రిపేర్ల దగ్గర మాత్రం తీరిగ్గా కూర్చున్నాం. వందల కోట్ల కిలోమీటర్ల దూరంలో ఉన్న యంత్రానికి చెవి పోతే ఏం చేస్తారు, మెడ పట్టేస్తే ఏం చేస్తారు అన్నదే ఈ వీడియోలో అసలు సంగతి.

చాప్టర్లు

0:00 పరిచయం: ఇందులో ఏముంది, ఏం లేదు
2:40 దాదాపు 175 ఏళ్లకోసారి కుదిరే గ్రహాల వరస
11:15 ఇంధనం లేకుండా వేగం: గ్రావిటీ అసిస్ట్ (బోర్డు మీద లెక్కతో)
24:50 నౌకలో ఏమున్నాయి: కెమెరాలు, డిష్, ప్లుటోనియం కరెంటు
36:05 రెండోది ముందు, ఒకటోది తర్వాత ఎందుకు ఎగిరాయి?
39:30 1978 ఏప్రిల్: వాయేజర్ 2కి చెవి పోయింది
52:20 బృహస్పతి, అయో మీద అగ్నిపర్వతాలు
1:01:45 టైటన్ కోసం ప్లూటోని వదులుకున్నారు
1:08:10 1981 ఆగస్టు: తిరగనన్న కెమెరా
1:17:35 యురేనస్ 1986: మసక వెలుతురులో ఫోటో ఎలా తీశారు?
1:29:00 నెప్ట్యూన్ 1989, ట్రైటన్
1:35:25 1990 ఫిబ్రవరి 14: చుక్కంత భూమి
1:40:10 బంగారు రికార్డు, అందులో తెలుగు
1:50:30 సౌర కుటుంబం దాటేశాయా? (2012, 2018)
1:58:45 2023 జులై: రెండు డిగ్రీలు పక్కకి తిరిగిన డిష్
2:04:20 పాడైన చిప్: 2023 నవంబరు నుంచి 2024 ఏప్రిల్ దాకా
2:14:05 కరెంటు ఇంకా ఎన్నాళ్లు?
2:17:30 ప్రశ్నలు, జవాబులు
2:31:50 ఆఖరి ప్రశ్న: వాటిని వెనక్కి తెప్పించలేమా?

ఎక్కడి నుంచి చూడాలో తేల్చుకోలేకపోతే

టైమ్ తక్కువుంటే 'పాడైన చిప్' ఒక్కటి చూడండి. పది నిమిషాలు కూడా పట్టదు. వాయేజర్ 1 నుంచి అర్థంపర్థం లేని డేటా రావడం మొదలైంది. నౌకలోని మూడు రకాల కంప్యూటర్లలో డేటాను మూటగట్టి పంపేదాన్లో ఒక చిప్ చెడిపోయింది. అక్కడికెళ్లి చిప్ మార్చే దారి లేదు. అందులోని కోడ్‌ని తీసి మరోచోట పెడదామంటే, అంత కోడ్ ఒక్కచోట పట్టే ఖాళీ మెమరీలో ఎక్కడా లేదు. దాంతో కోడ్‌ని ముక్కలు చేసి, దొరికిన ఖాళీల్లో సర్ది, ఆ ముక్కలన్నీ మళ్లీ కలిసి పనిచేసేలా లింకులు సరిచేశారు. 2024 ఏప్రిల్ 18న కమాండ్ పంపారు. అది చేరడానికి 22 గంటల పైమాటే, జవాబు రావడానికి మళ్లీ అంతే. 20వ తేదీన నౌక తన బాగోగులు సరిగ్గా చెప్పింది. ఆ రెండు రోజుల టెన్షన్ ఎలా ఉంటుందో ప్రోగ్రాములు రాసేవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు.

'చెవి పోయింది' చాప్టర్ కాస్త నిదానంగా వినండి. అసలు రిసీవర్ పాడైంది. స్పేర్‌గా పెట్టింది పనిచేస్తోంది గానీ, వచ్చే ఫ్రీక్వెన్సీ కొద్దిగా జరిగితే దాని వెంట జరగడం దానికి చేతకాదు. నౌక లోపల వేడి కాస్త మారినా దానికి వినిపించే ఫ్రీక్వెన్సీ మారిపోతుంది. కాబట్టి ప్రతిసారీ నౌక వేగం, భూమి తిరుగుడు, లోపలి వేడి అన్నీ లెక్కేసి, సరిగ్గా దానికి వినిపించే చోటే కమాండ్ పంపాలి. బృహస్పతి కూడా రాకముందే మొదలైన తంటా ఇది. వాయేజర్ 2 చూసిన నాలుగు గ్రహాలూ ఈ అవిటి చెవితోనే చూసింది.

'తిరగనన్న కెమెరా', 'యురేనస్' ఈ రెండూ వెంటవెంటనే చూస్తేనే రుచి. యురేనస్ దగ్గర ఎండ మన దగ్గరున్నదాంట్లో దాదాపు 370వ వంతు. షట్టర్ ఎక్కువసేపు తెరిచి ఉంచాలి, ఆలోగా నౌక దూసుకుపోతుంటుంది, ఫోటో చెదిరిపోతుంది. అందుకని ఫోటో తీస్తున్నంతసేపూ నౌకనే మెల్లగా తిప్పారు. లోపలి టేప్ రికార్డర్ ఆన్, ఆఫ్ అయినప్పుడు వచ్చే కుదుపును కూడా చిన్న రాకెట్లతో సర్దేశారు!

లెక్కలంటే భయం ఉన్నవాళ్లు 'గ్రావిటీ అసిస్ట్' చాప్టర్‌ని నిరభ్యంతరంగా దాటేయొచ్చు, తర్వాతి కథేమీ తెగదు. పిల్లలతో చూసేవాళ్లు 'బంగారు రికార్డు' నుంచి మొదలుపెట్టండి. అందులో 55 భాషల్లో పలకరింపులున్నాయి, తెలుగు కూడా ఉంది. 115 చిత్రాలు, 90 నిమిషాల సంగీతం, వాటిని ఎలా వినాలో మూత మీదే బొమ్మలతో గీసి పెట్టిన వైనం, అన్నీ చూపించాం.

'సౌర కుటుంబం దాటేశాయా?' అన్నదానికి పొట్టి జవాబు: సూర్యుడి గాలి పారే హద్దును వాయేజర్ 1 2012లో, వాయేజర్ 2 2018లో దాటాయి. సూర్యుడి ఆకర్షణకు లోబడిన మంచు ముద్దల గుంపు, ఊర్ట్ మేఘం మాత్రం ఇంకా చాలా దూరంలో ఉంది. కామెంట్లలో దీని మీద గొడవపడబోయేవాళ్లు ముందు ఆ ఎనిమిది నిమిషాలు చూసి రండి.

2026 నవంబరులో వాయేజర్ 1 ఒక కాంతి రోజు దూరానికి చేరుతుంది. అంటే 'హలో' అంటే అది వినడానికే పూర్తిగా ఒక రోజు. అది 'కరెంటు ఇంకా ఎన్నాళ్లు?' చాప్టర్‌లో ఉంది. బయల్దేరినప్పుడు సుమారు 470 వాట్ల కరెంటు ఉండేది, ఏటా దాదాపు 4 వాట్లు తగ్గుతోంది, ఏ పరికరాన్ని ఎప్పుడు ఆపాలన్న బేరం అక్కడ వివరంగా చెప్పాం.

చూసేటప్పుడు

ఫోన్‌లో ప్లేయర్‌పై కనిపించే చాప్టర్ పేరు మీద నొక్కితే జాబితా మొత్తం తెరుచుకుంటుంది. ఒక చోటునుంచే ఎవరికైనా పంపాలంటే వీడియో లింకు చివర సెకన్లు చేర్చండి. ఉదాహరణకి 'తిరగనన్న కెమెరా'కి ఇలా:

```
&t=4090s
```

తెలుగు సబ్‌టైటిల్స్ చేతితో టైప్ చేసినవే, ఆన్ చేసుకోండి. ప్రశ్నలడిగినవాళ్ల గొంతులు సన్నగా వినిపిస్తాయి, అందుకని ప్రతి ప్రశ్నా స్క్రీన్ మీద రాసిపెట్టాం. పయనీర్, కసీని, న్యూ హొరైజన్స్ లాంటి వేరే నౌకల గురించి ఇందులో లేదు. గ్రహాల ఫోటోలన్నీ నాసా విడుదల చేసినవి.

#వాయేజర్ #అంతరిక్షం #తెలుగుసైన్స్

ట్యాగులు

వాయేజర్, వోయేజర్, వాయేజర్ 1, వాయేజర్ 2, వాయేజర్ తెలుగులో, వాయేజర్ ఇప్పుడు ఎక్కడ ఉంది, వాయేజర్ బంగారు రికార్డు, గోల్డెన్ రికార్డ్ తెలుగు, గ్రావిటీ అసిస్ట్ అంటే ఏమిటి, నాసా తెలుగు, అంతరిక్షం తెలుగు, సౌర కుటుంబం, యురేనస్, నెప్ట్యూన్, అయో అగ్నిపర్వతాలు, పేల్ బ్లూ డాట్, కాంతి రోజు, తెలుగు సైన్స్ వీడియో