21వ తేదీ పెళ్లికి మీ గదులు, చెక్ ఇన్ వేళలు, మిగతా చెల్లింపులు

సత్యనారాయణ గారికి నమస్కారం.

పెళ్లి దగ్గర పడింది. నిన్న ఫోన్లో అనుకున్నవన్నీ ఒకచోట ఉంటే మీకు టెన్షన్ ఉండదని రాస్తున్నాను. మగపెళ్లివారి తరఫున హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న పెళ్లికొడుకు బాబాయి గారికి కూడా ఇదే మెయిల్ కాపీ పెట్టాను.

ముందుగా తేదీల సంగతి. శుభలేఖలో ముహూర్తం 21వ తేదీ శనివారం రాత్రి 2 గంటల 47 నిమిషాలకు, తెల్లవారితే ఆదివారం అని ఉంది. హోటల్ లెక్కలో అది 22వ తేదీ అవుతుంది. కిందటేడు ఇలాంటి ముహూర్తానికే ఒక కుటుంబం ఒక రాత్రి తక్కువ బుక్ చేసుకుని, తలంబ్రాల చీరలతోనే రిసెప్షన్ సోఫాల్లో కూర్చోవలసి వచ్చింది. ఆ రోజు వాళ్లకు ఇవ్వడానికి మా దగ్గర ఒక్క గదీ లేదు. ఆ బాధ నాకింకా ఉంది. అందుకే మీ గదులను ఫిబ్రవరి 20 శుక్రవారం, 21 శనివారం, రెండు రాత్రులకూ ఆపి ఉంచాను. మీ బంధువులకు చెప్పేటప్పుడు కూడా "శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఆదివారం దాకా" అని వారాల పేర్లతోనే చెప్పండి.

మొత్తం 30 గదులు. డబుల్ గదులు 22, ముగ్గురు పట్టే ఫ్యామిలీ గదులు 6, సూట్లు 2. రెండో అంతస్తులో 16 గదులు మగపెళ్లివారి విడిదికి, మూడో అంతస్తులో 14 మీ వైపు వారికి. పెళ్లికొడుకు అమ్మమ్మగారికి మోకాళ్ల నొప్పులన్నారు కదా, ఆవిడకు లిఫ్ట్ పక్కనే ఉన్న 203 ఇస్తున్నాం. బాత్రూంలో పట్టుకోవడానికి కడ్డీ ఉంది, ప్లాస్టిక్ కుర్చీ కూడా వేయిస్తాను. ఎవరు ఏ గదిలో ఉంటారో పేర్ల జాబితా 10వ తేదీ లోపు పంపండి. తాళాలను పేర్లు రాసిన కవర్లలో సిద్ధంగా పెడతాం. గదులు ఎక్కువనిపిస్తే 12వ తేదీ వరకు వదులుకోవచ్చు, డబ్బు పట్టుకోం. ఆ తర్వాత వదిలిన గదికి మాత్రం రెండు రాత్రుల అద్దె పడుతుంది.

చెక్ ఇన్ మధ్యాహ్నం 12 గంటలకు. కానీ గౌతమిలో వచ్చేవాళ్లు శుక్రవారం తెల్లవారుజామునే రాజమండ్రిలో దిగుతారు. వాళ్లను మధ్యాహ్నం దాకా కూర్చోబెట్టలేం కాబట్టి 4 డబుల్ గదులు గురువారం రాత్రి నుంచే ఉంచుతున్నాం. వాటికి ఆ రాత్రికి సగం అద్దే. స్నానాలు, టిఫిన్లు కానిచ్చుకుని మధ్యాహ్నం ఎవరి గదులకు వాళ్లు వెళ్లవచ్చు. ఎదుర్కోలు కింద లాబీలోనే చేసుకోండి. పానకం బిందెలు పెట్టడానికి బల్ల వేయిస్తాం.

పెద్దవాళ్లందరూ ఆధార్ లాంటి గుర్తింపు కార్డు తేవాలి. అమెరికా నుంచి వస్తున్న మీ అక్కగారి కుటుంబం పాస్‌పోర్టులతో పాటు వీసా గానీ ఓసీఐ కార్డు గానీ తప్పక తేవాలి. వాళ్ల వివరాలు 24 గంటల్లోపు మేం ఆన్‌లైన్లో నమోదు చేయాలి.

ఆదివారం చెక్ అవుట్ మామూలుగా 11 గంటలకు. మండపం నుంచి వచ్చేసరికి అయిదవుతుంది, ఎవరికీ నిద్ర చాలదు. అందుకని 22 గదులకు మధ్యాహ్నం 3 దాకా అదనపు అద్దె లేకుండా ఇస్తున్నాం. మూడో అంతస్తులో 8 గదులు మాత్రం 11కే కావాలి, ఇంకో బృందం దిగుతోంది. ఆదివారం ఉదయం రైలున్నవాళ్లను ఆ 8 గదుల్లో పెట్టండి. తెల్లవారుజామున నాలుగున్నర నుంచి లాబీలో కాఫీ ఉంటుంది, వేడినీళ్లు 24 గంటలూ వస్తాయి.

ఇక డబ్బు విషయం. రాత్రికి డబుల్ 2,800, ఫ్యామిలీ గది 3,600, సూట్ 5,500 రూపాయలు. రెండు రాత్రులకు 1,88,400. గురువారం రాత్రి 4 గదులకు 5,600. మొత్తం 1,94,000, దానిపై 5 శాతం జీఎస్టీ 9,700 కలిపితే 2,03,700 రూపాయలు. మీరిచ్చిన 50,000 నగదు అడ్వాన్స్ పోను 1,53,700 ఉంది. ఇందులో లక్ష రూపాయలు 10వ తేదీ లోపు, మిగిలిన 53,700 శుక్రవారం చెక్ ఇన్ రోజున ఇవ్వండి. అదనపు పరుపు కావాలంటే పన్నుతో కలిపి రాత్రికి 700. పరుపులు, లాండ్రీ లెక్కలు ఆదివారం విడిగా చూసుకుందాం.

ఒక్క మాట. ఒకే వేడుకకు 2 లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడానికి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోదు. కాబట్టి ఆ లక్ష బ్యాంకు ద్వారానే పంపండి. ఖాతా వివరాలు మీ అడ్వాన్స్ రసీదు వెనక ఉన్నాయి. పంపాక నాకొక ఫోన్ చేస్తే అదే రోజు రసీదు పంపిస్తాను.

శుక్రవారం ఉదయం 4 గంటల నుంచి నేను రిసెప్షన్లోనే ఉంటాను.

నమస్కారాలతో,
రమణ
ఫ్రంట్ ఆఫీస్ మేనేజర్